మా ఊరి లైబ్రరీకి రెండు ఉత్తరాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. పొద్దున నాలుగింటికి బకెట్ పట్టుకుని నల్లా దగ్గర నిలబడటం, ఆదివారం కూర కోసం ఎదురుచూడటం, పరీక్షల ముందు వరండాలో గుంపుగా చదవడం మీ అందరికీ తెలిసినవే. తెలియని సంగతి ఒకటి చెబుతాను. అది ఒక ఉత్తరం గురించి. మా ఊరి లైబ్రరీకి పుస్తకాలు, రాక్‌లు ఇమ్మని నారాయణఖేడ్ దుకాణదారులకు నేను రాసిన ఉత్తరం. మొదటిసారి తప్పుగా రాశాను. రెండోసారి కొంచెం సరిగ్గా రాశాను. మీలో ఎవరైనా రేపు సొంత ఊళ్లో ఇలాంటి పని మొదలుపెడితే ఆ రెండింటికీ ఉన్న తేడా పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఊరు ఖేడ్‌కు పది కిలోమీటర్ల దూరం. మా నాన్న ఖేడ్ బజారులో హమాలీ. కందుల బస్తాలు, సిమెంటు సంచులు, దుకాణాల సామాన్లు మోస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ని. ఇప్పుడు హైదరాబాదులో గ్రంథాలయ శాస్త్రంలో పీజీ చదువుతున్నాను. గత ఏడాది వేసవి సెలవుల్లో ఊరికి పోతే వాడలో పిల్లలు చెట్టు కింద ఫోన్ చుట్టూ మూగి కనిపించారు. మన హాస్టల్లో స్టోర్ రూం పక్కన ఒక ఇనుప పెట్టె ఉండేది, గుర్తుందా? అందులోని కథల పుస్తకాలు చదివే నాకు చదువు మీద ఆశ పుట్టింది. అలాంటి పెట్టె ఒకటి మా ఊళ్లోనూ ఉంటే బాగుంటుందనిపించింది. పంచాయతీ కార్యదర్శి వాడకంలో లేని ఒక గది ఇచ్చారు. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. నా పుస్తకాలు, దోస్తులవి కలిపితే 60 అయ్యాయి. వాటిని పెట్టడానికి ఒక చెక్క ముక్క కూడా లేదు. నేల మీద గోనెసంచి పరిచి పేర్చాం. పది రోజులకు కింది వరుసకు చెదలు పట్టింది.

అప్పుడు రాశాను మొదటి ఉత్తరం. "గౌరవనీయులైన వ్యాపార సోదరులకు నమస్కరించి వ్రాయునది ఏమనగా" అని మొదలుపెట్టాను. విజ్ఞానం దీపం వంటిదన్నాను. పుస్తకం లేని ఊరు చీకటి ఊరన్నాను. చివరికి "మీకు తోచిన సహాయం చేయగలరు" అని ముగించి, 40 జిరాక్సులు తీయించి బజారంతా పంచాను. రాసినందుకు నాకే గర్వంగా ఉండింది.

రెండు వారాలకు పదకొండు దుకాణాల నుంచి ఏవో వచ్చాయి. వాటిని గదిలో పోసి చూస్తే సగం పాత పాఠ్యపుస్తకాలు. అవీ తెలంగాణ రాకముందువి, సిలబస్ మారిపోయినవి. అట్టలు లేని వారపత్రికలు ఉన్నాయి. సగం నింపిన గైడ్లు ఉన్నాయి. ఒక సంచి నిండా ఎవరివో పెళ్లిపత్రికలు. ఒక సేటు ఇరవై క్యాలెండర్లు పంపాడు, గోడకు తగిలించుకొమ్మని. రాక్ మాత్రం ఒక్కటీ రాలేదు.

వాటిలో పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జ్ పుస్తకం ఒకటి కొత్తగానే కనిపించింది. కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్న మా పక్కింటి తమ్ముడు మూడు రాత్రులు కూర్చుని దాన్ని బట్టీపట్టాడు. నాలుగో రోజు నన్ను అడిగాడు. "అన్నా, మనది మెదక్ జిల్లానా, సంగారెడ్డి జిల్లానా?" పుస్తకంలో తెలంగాణకు 10 జిల్లాలని, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో ఉందని ఉంది. అది 2015లో అచ్చయిన పుస్తకం. 2016 అక్టోబర్ 11న జిల్లాలు 31 అయ్యాయి, మనం సంగారెడ్డిలోకి వచ్చాం. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. వాడి మూడు రాత్రులు నా ఉత్తరం వల్ల వృథా అయ్యాయి. ఏ పుస్తకమైనా సరే అని అడిగింది నేనే కదా. అప్పటి నుంచి పుస్తకం చేతికి రాగానే మొదటి పేజీ వెనక ముద్రణ సంవత్సరం చూడటం అలవాటైంది. కథలకు, నవలలకు సంవత్సరంతో పని లేదు. జీకే, కరెంట్ అఫైర్స్, చట్టాల పుస్తకాలకు మాత్రం మొదట చూడాల్సింది అదే.

ఒక కిరాణా సేటు దగ్గరికి ఎందుకు ఏమీ ఇవ్వలేదో కనుక్కుందామని పోయాను. ఆయన గల్లా కింద నుంచి నా ఉత్తరం తీసి చూపించాడు. పారేయలేదు, దాచిపెట్టాడు. "బిడ్డా, మంచిగ రాసినవ్. గని నేనేం ఇయ్యాల్నో అండ్ల లేదు. నా దుకాణంల పప్పు ఉన్నది, నూనె ఉన్నది. బుక్కులు యాడికెల్లి తేవాలె?" అన్నాడు. తర్వాత ఇంకో మాట అడిగాడు. "ఇంటిపన్నుల గ్రంథాలయం పైసలు పట్టుకుంటున్నరు గద, మళ్ల నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఆయన అడిగిన రెండోదానికి జవాబు నేను తరగతిలో చదువుకున్నదే, కానీ ఉత్తరంలో రాయాలని తట్టలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. దానితో నడిచేవి సంస్థ పెట్టిన శాఖా గ్రంథాలయాలు. మాలాంటి వాళ్లు సొంతంగా పెట్టుకున్న గదికి దానిలో వాటా రాదు. పన్ను కట్టే మనిషికి ఈ తేడా చెప్పకుండా చేయి జాపితే ఆయన అనుమానపడటం న్యాయమే.

ఆ రాత్రి ఇంట్లో ఈ మాటలు చెబుతుంటే నాన్న అన్నం ముందు చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత కోపం బయటపడింది. "నేను గా దుకాణాల ఎనుక దర్వాజకెల్లి బస్తలు మోస్త. నువ్వు ముందటికెల్లి పోయి సేట్ల ముంగట చెయ్యి జాపుతున్నవ్. గందుకేనా నిన్ను చదివించింది?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. అమ్మ మాట మార్చింది. నేను బయట మంచం మీద పడుకున్నాను, కానీ నిద్ర పట్టలేదు.

చదువుకున్న చరిత్ర ఆ రాత్రి కొంత ఆదుకుంది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది ఒక దాత ఇంట్లోనే, రావిచెట్టు రంగారావు గారి బంగళాలో. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. మన పక్కనున్న జోగిపేటలోనే 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. సభకు సర్కారు అనుమతి కావలసిన కాలం అది. వాళ్లందరూ ఇంటింటికీ, మనిషి మనిషికీ పోయి అడిగినవాళ్లే. తనకోసం అడగడం వేరు, పదిమందికోసం లెక్క చెబుతూ అడగడం వేరు. నాన్న కోపంలో నిజం ఎక్కడుందంటే, నా ఉత్తరంలో లెక్క లేదు. లెక్క లేని అడుగుడు చెయ్యి జాపినట్టే ఉంటుంది.

పొద్దున నాన్నే కదిలించాడు. చాయ్ తాగుతూ నా వైపు చూడకుండా అన్నాడు. "గా కిరాణం సేటు గోదాంల ఇనుప రాక్ ఒకటి పడి ఉన్నది. కొత్త ఫర్నిచర్ జేయించినప్పుడు నేనే మోసి లోపట వెట్టిన. రెండేండ్లాయె. చెప్పులషాపాయన దగ్గర ఒకటి, మెడికల్ షాపు మీద అటకల ఒకటి ఉన్నయ్." ఇరవై ఏళ్లుగా వెనక దర్వాజ నుంచి పోయినవాడికి ఎవరి గోదాంలో ఏముందో తెలియదా? ముందు దర్వాజ నుంచి చూసిన నాకు గల్లా తప్ప ఏమీ కనిపించలేదు. రెండో ఉత్తరానికి పునాది ఆ మాటే. అడగడానికి ముందు ఎదుటి మనిషి దగ్గర వాడకుండా ఏముందో తెలుసుకోవాలి.

తర్వాత మాకేం కావాలో కొలిచాను. మామూలు తెలుగు పుస్తకం ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, ఐదున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. పోటీ పరీక్షలవి ఇంకొంచెం పెద్దవి. కాబట్టి అరకు అరకు మధ్య ఒక అడుగు ఎత్తు, లోతు తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలు ఉంటే చాలు. మూడడుగుల అరలో బిగించకుండా పెడితే 30 పుస్తకాలు పడతాయి. ఐదు అరల రాక్‌లో 150. మాకు మూడు రాక్‌లు ఉంటే రెండు మూడేళ్లదాకా సరిపోతాయి. ఇంతకంటే ఎక్కువ అడగకూడదనుకున్నాను. ఖాళీ రాక్‌లు నిలబెడితే అక్కడ బియ్యం సంచులు చేరతాయి.

రెండోసారి జిరాక్సు తీయించలేదు. ఒక్కో దుకాణానికి ఒక్కో ఉత్తరం చేత్తో రాశాను. మొత్తం పద్నాలుగు. కిరాణా సేటుకు రాసింది ఇది.

"సేటు గారికి నమస్కారం. నేను మీ దగ్గర హమాలీ చేసే మనిషి కొడుకును. మా ఊళ్లో పంచాయతీ ఇచ్చిన గదిలో లైబ్రరీ నడుపుతున్నాం. రోజూ సాయంత్రం 5 నుంచి 8 దాకా తెరిచి ఉంటుంది. ఇది ప్రభుత్వ శాఖా గ్రంథాలయం కాదు. దీనికి పన్ను డబ్బులు రావు. మీ గోదాంలో వాడకుండా ఒక ఇనుప రాక్ ఉందని తెలిసింది. అది మాకు ఇవ్వగలరా? మోసుకుపోవడం, రవాణా మా బాధ్యత. శాశ్వతంగా ఇస్తారా, కొంతకాలానికి ఇస్తారా అన్నది ఈ కాగితం కింద మీరే రాయండి. ఇచ్చినందుకు మీకు నంబరు వేసిన రసీదు ఇస్తాం. రాక్ మీద మీ పేరు చిన్న అక్షరాలతో రాస్తాం, వద్దంటే రాయం. మీ పిల్లలు చదివేసిన కథల పుస్తకాలు ఉంటే తీసుకుంటాం. పాఠ్యపుస్తకాలు, గైడ్లు మాకు వద్దు. మాకు పనికిరానివి వస్తే నెలలోపు మీకే తిరిగి ఇస్తాం. వచ్చే మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు వస్తాను. ఇవ్వడం కుదరకపోతే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోను."

చూడండి, ఇందులో దీపం లేదు, చీకటి లేదు. ఒక వస్తువు ఉంది, ఒక తేదీ ఉంది, కాదనడానికి ఒక దారి ఉంది. వ్యాపారస్తుడికి రోజూ చేతికొచ్చే కాగితాలు ఇలాగే ఉంటాయి. సరుకు, లెక్క, గడువు.

ఉత్తరాన్ని నేనే తీసుకుపోయి చదివి వినిపించాను. ఖేడ్ మూడు రాష్ట్రాల సరిహద్దు ఊరని మీకు తెలుసు. కొందరు సేట్లకు కన్నడమో మరాఠీయో ఉర్దూయో చదవడమే అలవాటు. తెలుగు మాట్లాడతారు గానీ చేతిరాత చదవలేరు. మొదటి ఉత్తరం కొన్ని దుకాణాల్లో అసలు చదవనే లేదని అప్పుడు తెలిసింది. సమయం కూడా చూసుకున్నాను. అంగడి రోజు పోలేదు. పత్తి, కందులు అమ్మకానికొచ్చే నెలల్లో గల్లా దగ్గర నిలబడటానికే చోటుండదు కాబట్టి అవి దాటాకనే పోయాను.

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఇచ్చారు. ముగ్గురు కాదన్నారు. ఇద్దరు తర్వాత రమ్మన్నారు. స్టేషనరీ షాపాయన్ని పుస్తకాలు అడగలేదు, 200 పేజీల పొడవు రిజిస్టర్ ఒకటి, అట్టలు వేసే ఖాకీ కాగితం అడిగాను. ఫ్యాన్సీ షాపులో బట్టల క్లిప్పులు రెండు డజన్లు, ఒక నైలాన్ తాడు అడిగాను. ఎందుకంటే చిన్నపిల్లల పుస్తకాలు పదహారు, ఇరవైనాలుగు పేజీలవి. రాక్‌లో పెడితే నిలబడవు, అంచు మీద పేరు కనిపించదు. గోడకు తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీస్తే అట్ట మీది బొమ్మ చూసి పిల్లలే తీసుకుంటారు. మా లైబ్రరీలో ఎక్కువగా చేతులు మారేవి ఆ తాడు మీది పుస్తకాలే.

రాక్‌లు మూడు వచ్చాయి, మూడింటికీ మూడు రకాల ఇబ్బందులు. కిరాణా రాక్ లోతు ఒకటిన్నర అడుగు. పుస్తకాలు వెనక్కి జారి కనిపించకుండా పోయేవి. ప్రతి అరలో వెనకవైపు కాగితం చుట్టిన ఇటుకలు పేర్చి పుస్తకాలను ముందు అంచుకు తెచ్చాం. దానికి నూనె, బెల్లం జిగురు పట్టి ఉండింది. అలాగే వాడితే అట్టలకు మరకలు పడతాయి, చీమలు, బొద్దింకలు వస్తాయి. బొద్దింకలు అట్టల జిగురు తింటాయి. సబ్బునీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాం. మెడికల్ షాపు రాక్ లోతు ఆరంగుళాలే. దాంట్లో చిన్న సైజు నవలలే పెట్టాం. చెప్పులషాపు వాళ్లది చెక్కపొట్టుతో చేసిన పలకల రాక్. పెద్ద పుస్తకాలు నింపిన అర ఒక్కోటి పాతిక కిలోల దాకా తూగుతుంది. నెల తర్వాత ఒక చివర నుంచి రెండో చివరకు దారం లాగి పట్టి చూస్తే నడుమ పలక కుంగిన సంగతి తెలిసింది. బరువైనవన్నీ కింది అరకు మార్చాం. నాన్న ఒక మాట అన్నాడు. "పోరగాండ్లు పైకెక్కుతరు, మీద పడుతది." నిజమే. మూడు రాక్‌లనూ గోడకు క్లాంపులతో బిగించాం. చెదల భయంతో గోడకు, రాక్‌కు మధ్య నాలుగంగుళాల సందు వదిలి, కాళ్ల కింద రాళ్లు పెట్టాం.

ఆరు నెలలకు ఒక చిక్కు వచ్చింది. రాక్ ఇచ్చినవాళ్లలో ఒకాయన ఇంకో దుకాణం తెరుస్తూ దాన్ని తిరిగి ఇమ్మన్నాడు. ఊళ్లో కొందరు ఇచ్చేది లేదన్నారు, దానం చేసింది వెనక్కి అడుగుతారా అని లేచారు. నేను ఫైలు తీసి చూశాను. ఆయన ఉత్తరం కింద తన చేత్తోనే "ఒక సంవత్సరం వాడకానికి" అని రాసి ఉంది. సంవత్సరం ఇంకా కాలేదు. ఆ కాగితం తీసుకుపోయి చూపించాను. ఆయన నవ్వి, గడువు దాకా ఉంచుకొమ్మన్నాడు. ఈలోపు ఇంకో రాక్ వెతుక్కోవడానికి మాకు సమయం దొరికింది. ఆ ఒక్క వాక్యం అడగకపోయి ఉంటే ఒక మంచి మనిషితో గొడవ అయ్యేది. తర్వాత ఖేడ్ బజారులో ఎవరూ మాకు ఏమీ ఇచ్చేవారు కాదు.

స్టేషనరీ షాపు రిజిస్టరే మా అక్సెషన్ రిజిస్టర్. పుస్తకం రాగానే వరుస నంబరు, తేదీ, పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, ఇచ్చినవారి పేరు రాస్తాం. అదే నంబరు పుస్తకం మీద వేస్తాం. పుస్తకం పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వం. ఎదురుగా పోయిందని రాస్తాం. ఇచ్చినాయన ఏడాది తర్వాత వచ్చి "నా పుస్తకం ఏమైంది?" అంటే చూపించడానికి ఒక గీత ఉండాలి. ఈ రోజుకు నంబరు 312 దగ్గర ఉన్నాం. వాటిలో పోయినవి 19, చిరిగి తీసేసినవి 8. కిరాణా సేటు ఒకరోజు బండి ఆపి వచ్చి ఆ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి తిరగేశాడు. తన పేరు దగ్గర వేలు పెట్టి ఆగాడు. మరుసటి వారం ఆయన మనవరాలు చదివేసిన కథల పుస్తకాలు పదకొండు పంపాడు. ఉత్తరం రాయకుండానే.

ఇంకా సరికానివి ఉన్నాయి. ఆడపిల్లలు సాయంత్రం ఆరు దాటితే రారు. గది వేళలు మార్చాలి. నేను హైదరాబాదులో ఉన్న రోజుల్లో తాళం తీసే తమ్ముడు పరీక్షలప్పుడు రాలేడు. జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడా ఒక ఉత్తరం రాశాం, పుస్తకాలు కొన్ని నిక్షేపంగా ఇవ్వమని. జవాబు కోసం చూస్తున్నాం.

నాన్న చదవలేడు. అయినా పని నుంచి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు గది దగ్గర ఆగుతాడు. లోపలికి వచ్చి కూర్చోడు, దర్వాజ దగ్గరే నిలబడి రాక్‌లు కదులుతున్నాయేమో అని చేత్తో ఒకసారి నెట్టి చూసి పోతాడు. పోయిన నెల ఆయనే ఒక కబురు తెచ్చాడు. బట్టల దుకాణంలో గాజు తలుపుల బీరువా తీసేస్తున్నారట. "తలుపులు తీసేసి అడుగు. తాళం ఉంటే పోరగాండ్లు ముట్టరు" అన్నాడు. ఆ ఉత్తరం నిన్న రాత్రే రాశాను. ఈసారి తీసుకుపోయి ఇచ్చేది నాన్నే, ముందు దర్వాజ నుంచి.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి